పోయినవాళ్ళు తిరిగొస్తే ఉన్నవాళ్ళ గతేంటి?

సూపర్‌హీరో కామిక్స్ చదివేవాళ్ళ మధ్య ఒక పాత జోకు ఉండేది. ఈ లోకంలో చచ్చినవాళ్ళెవరూ చచ్చినట్టు కాదు, కెప్టెన్ అమెరికా సహచరుడు బకీ, బ్యాట్‌మన్ శిష్యుడు జేసన్ టాడ్, స్పైడర్‌మన్‌ను పెంచిన అంకుల్ బెన్ ముగ్గురే నిజంగా పోయినవాళ్ళు అని. 2005లో ఆ ముగ్గురిలో ఇద్దరు లేచి వచ్చేశారు. బకీ మార్వెల్ వాళ్ళ కెప్టెన్ అమెరికా కథలో, జేసన్ డీసీ వాళ్ళ బ్యాట్‌మన్ కథలో, రెండు వేర్వేరు కంపెనీల్లో ఒకే ఏడాది. పాపం అంకుల్ బెన్ ఒక్కడే మిగిలాడు. ఆయన మాత్రం ఎన్నాళ్ళుంటాడో, అంటే ఎన్నాళ్ళు లేకుండా ఉంటాడో, ఎవరు చెప్పగలరు?

ఈ పునర్జన్మల గురించి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటే. ఎలాగూ బతికొస్తారని తెలిశాక ఇక చావుకి విలువేముంది అని. అది సగమే నిజమని నా ఉద్దేశం. హీరో పోయాక కథ అక్కడితో ఆగదు. మిగిలినవాళ్ళు ఏడుస్తారు, కొన్నాళ్ళకి తేరుకుంటారు, మరో మనిషితో మరో బతుకు మొదలుపెడతారు. పోయినవాళ్ళు తిరిగొచ్చినప్పుడు ఆ కొత్త బతుకు ఏమవుతుంది? నాకు కోపం తెప్పించే కథల్లో ప్రతిసారీ దెబ్బ తగిలింది అక్కడే. ఎక్స్‌మెన్‌లోని జీన్ గ్రే కథ చూస్తే ఈ సంగతి ఎక్కడా దాచుకోకుండా కనిపిస్తుంది.

జీన్ 1963లో వచ్చిన మొదటి ఎక్స్‌మెన్ సంచిక నుంచీ ఉంది. స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన అయిదుగురు కుర్రకారు జట్టులో ఆమె ఒక్కతే అమ్మాయి. చాలాకాలం ఆమెకు పెద్ద పనేమీ ఉండేది కాదు. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ చేతికి వచ్చాకే ఆ పాత్రకు ప్రాణం వచ్చింది. 1976లో ఒక కథలో అంతరిక్షం నుంచి వస్తున్న నౌకను రేడియేషన్ తుఫానులోంచి ఆమె నడిపి తీసుకొస్తుంది. నౌక న్యూయార్క్ పక్కనున్న జమైకా బే నీళ్ళలో కూలుతుంది. ఆ నీళ్ళలోంచి ఆమె ఫీనిక్స్ అన్న కొత్త పేరుతో, అంతులేని శక్తితో పైకి లేస్తుంది.

శక్తి పెరిగేకొద్దీ ఆమె అదుపు తప్పుతుంది. 1980లో వచ్చిన 135వ సంచికలో ఆకలి తీర్చుకోడానికి ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. ఆ నక్షత్రం చుట్టూ తిరిగే ఒక గ్రహం మీద అయిదు వందల కోట్ల మంది బతుకుతున్నారు. అందరూ పోయారు.

క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ మొదట అనుకున్న ముగింపులో జీన్ చనిపోదు. శక్తులన్నీ పీకేసి మామూలు మనిషిగా వదిలేస్తారు. కానీ అప్పటి మార్వెల్ ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. ఒక గ్రహాన్ని చంపిన మనిషి శిక్ష లేకుండా ఇంటికెళ్ళిపోవడం ఏంటని ఆయన పాయింటు. గీసి సిద్ధంగా ఉన్న పేజీలను పక్కన పెట్టి చివరి భాగం మళ్ళీ గీశారు. మొదటి రూపాన్ని 1984లో విడిగా అచ్చేశారు కూడా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే షూటర్ మాటే నెగ్గడం మంచిదైందని నాకనిపిస్తుంది. అచ్చయిన 137వ సంచికలో జీన్, తాను మళ్ళీ అదుపు తప్పుతానని గ్రహించి, చంద్రుడి మీద ప్రేమించినవాడి కళ్ళ ముందే తనను తాను చంపేసుకుంటుంది. తప్పు చేసిన మనిషి, ఆ తప్పు తనదేనని ఒప్పుకుని తీసుకున్న నిర్ణయం అది. ఆ రోజుల్లో ఇంత ముఖ్యమైన కథానాయికను ఇలా చంపడం అరుదు. అందుకే పాఠకులు దాన్ని నిజమైన చావుగా తీసుకున్నారు.

తర్వాత జరిగిందే ఈ వ్యాసానికి కావలసింది. ప్రేమికుడు స్కాట్ సమ్మర్స్, అంటే సైక్లాప్స్, ఆమెను పాతిపెట్టి జట్టు వదిలి వెళ్ళిపోతాడు. 1983లో మాడెలిన్ ప్రయర్ అనే పైలట్ అతనికి పరిచయమవుతుంది. చూడ్డానికి అచ్చం జీన్‌లాగే ఉంటుంది. స్కాట్‌కీ పాఠకులకీ అనుమానం వస్తుంది. కాదు, ఆమె వేరే మనిషేనని తేల్చి క్లేర్‌మాంట్ ఇద్దరికీ పెళ్ళి చేశాడు. కొడుకు పుట్టాడు. పోయిన మనిషి ముఖాన్ని వెతుక్కోవడం మానేసి, ఎదురుగా ఉన్న మనిషిని మనిషిగా చూడ్డం స్కాట్ నేర్చుకున్నాడన్నమాట. దుఃఖం గురించి సూపర్‌హీరో కామిక్స్‌లో ఇంత పెద్దమనిషి తరహాలో రాసిన కథలు తక్కువ. హీరో ఒకడు నిజంగానే రిటైరై సంసారం చేసుకోబోతున్నాడు.

కానీ అప్పటికి ఎక్స్‌మెన్ మార్వెల్‌కి కాసులు కురిపించే పేరు. మొదటి అయిదుగురినీ మళ్ళీ కలిపి ఎక్స్‌ఫ్యాక్టర్ అని కొత్త పత్రిక తేవాలనుకున్నారు. నలుగురు దొరికారు, అయిదోది చచ్చిపోయి ఉంది. ఆమె స్థానంలో డాజ్లర్ అనే వేరే పాత్రను పెట్టాలన్న ఆలోచన కూడా నడిచింది. సరిగ్గా అప్పుడే ఒక పాత ఐడియా పైకి తేలింది. తర్వాత పేరున్న రచయితగా ఎదిగిన కర్ట్ బ్యూసిక్, అప్పటికి ఒట్టి అభిమానిగా ఉన్న రోజుల్లో, జీన్‌ను వెనక్కి తేవడానికి ఒక దారి ఆలోచించి పెట్టుకున్నాడు. అది రోజర్ స్టెర్న్ అనే రచయిత చెవిన పడి, అతని నుంచి బర్న్‌కి చేరింది.

ఆ దారి ఏమిటంటే, జమైకా బేలో నీళ్ళలోంచి లేచింది జీన్ కాదు. ఫీనిక్స్ అనే విశ్వశక్తి జీన్ రూపం తీసుకుని, ఆమె జ్ఞాపకాలతో, తానే జీన్ అనుకుంటూ బతికింది. అసలు జీన్ మాత్రం అదే నీళ్ళ అడుగున ఒక గూడులాంటి దాంట్లో నిద్రపోతూ ఉంది. నక్షత్రాన్ని మింగింది, చంద్రుడి మీద చచ్చింది ఆ శక్తే. జీన్ చేతికి నెత్తురంటలేదు. ఇది తెలివైన పరిష్కారమని ఒప్పుకోవాలి. హంతకురాలు శిక్ష తప్పించుకోకూడదన్న షూటర్ పట్టుదలకు ఇదొక్కటే సరిపోతుంది: హంతకురాలు ఆమె కాదు కాబట్టి శిక్ష అక్కర్లేదు. ఎవెంజర్స్, ఫెంటాస్టిక్ ఫోర్ పత్రికల్లో ఆమెను నీళ్ళలోంచి బయటికి తీసి, 1986 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ఎక్స్‌ఫ్యాక్టర్ మొదటి సంచికలో జట్టులో కలిపేశారు.

ఈ ఒక్క సవరణతో రెండు వైపులా కథ విరిగింది. వెనక్కి చూస్తే, 137వ సంచిక అర్థమే మారిపోయింది. అక్కడ తప్పు ఒప్పుకుని ప్రాణం తీసుకున్నది జీన్ కాకపోతే, ఆ త్యాగం ఎవరిది? తానే జీన్ అనుకున్న ఒక శక్తిది. కథ అచ్చులో ఒక్క అక్షరం మారలేదు, దాన్ని చదివే పద్ధతి మారింది. "పాత పుస్తకం నీ బీరువాలోనే ఉంది కదా, వెళ్ళి అది చదువుకో" అని కొందరు అంటారు. ఉంది, చదువుతాను కూడా. కానీ ధారావాహికలో పాత సంచిక ఒంటరిగా ఉండదు. ఇది మొన్న జరిగిన కథకు కొనసాగింపు అంటూ నెలనెలా మనతో కొనిపించేది వాళ్ళే. కొనడానికి కొనసాగింపు కావాలి, ఫిర్యాదు దగ్గరికొచ్చేసరికి అక్కర్లేదు అంటే ఎలా?

ముందుకి చూస్తే దెబ్బ ఇంకా పెద్దది. జీన్ బతికే ఉందని పాత జట్టులోని వారెన్ ఫోన్ చేస్తాడు, స్కాట్ భార్యనూ పసిబిడ్డనూ వదిలి వెళ్ళిపోతాడు. మొదటి సంచికలోనే. ఎక్స్‌ఫ్యాక్టర్ మొదలుపెట్టినవాళ్ళకు అయిదుగురు కావాలి, ఆ అయిదుగురిలో పెళ్ళయి పిల్లాడున్నవాడు అడ్డం. కాబట్టి సంసారాన్ని తన్ని పారేయించారు. క్లేర్‌మాంట్‌కి ఇది అస్సలు నచ్చలేదన్న సంగతి అప్పట్నుంచీ అందరికీ తెలిసిందే. మూడేళ్ళ పాటు అతను నేర్పుగా మంచివాడిగా మలిచిన స్కాట్, ఒక్క ఫోన్ కాల్‌తో పెళ్ళాంబిడ్డల్ని వదిలేసినవాడిగా మారిపోయాడు. ఈ రోజుకీ సైక్లాప్స్ మాటెత్తితే ఏ పాఠకుడో ఒకరు ఈ సంగతి గుర్తు చేయకుండా ఉండరు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. హీరో వదిలేసి వెళ్ళిన భార్య అలాగే ఉంటే హీరోకి మచ్చ. ఆ మచ్చ పోవాలంటే రెండే దారులు: అతను తిరిగి వెళ్ళడం, లేదా ఆమె చెడ్డదవడం. కంపెనీ రెండోది ఎంచుకుంది. మాడెలిన్ అసలు మనిషే కాదని, మిస్టర్ సినిస్టర్ అనే విలన్ జీన్ నుంచి తయారుచేసిన క్లోన్ అని తేల్చారు. రాక్షసులతో చేతులు కలిపి సొంత కొడుకునే బలివ్వబోయే గాబ్లిన్ క్వీన్‌గా ఆమెను మార్చారు. 1989లో ముగిసిన ఇన్ఫర్నో కథలో ఆమె చచ్చిపోయింది. వేరే మనిషేనని ఎంతో శ్రమపడి నిరూపించిన పాత్రను, కాదు నకలే అని తేల్చడం చూడండి! కాస్తో కూస్తో న్యాయం ఏమిటంటే, అదే కథలో ఫీనిక్స్ జ్ఞాపకాలు, మాడెలిన్ జ్ఞాపకాలు రెండూ జీన్‌లో కలుస్తాయి. అంటే ఆ నక్షత్రాన్ని మింగిన గుర్తు, ఆ బిడ్డను కన్న గుర్తు ఇప్పుడు జీన్‌కి ఉన్నాయి. 1986లో తుడిచేసిన బరువును మూడేళ్ళ తర్వాత దొడ్డిదారిన మళ్ళీ ఆమె నెత్తిన పెట్టారు. బరువు లేని జీన్‌తో రాయడానికి ఏమీ దొరకలేదని నా అనుమానం.

ఈ గొలుసంతా చూస్తే ఒక్క దుర్మార్గుడు కనిపించడు. చనిపోయిన హీరోలు ఎందుకు తిరిగొస్తారు అంటే చాలామంది డబ్బు కోసం అని తేల్చేస్తారు. డబ్బు ఉంది, కాదనను. కానీ డబ్బు ఒక్కటే అయితే పాఠకుడి ఊహలోంచి ఆ దారి పుట్టేది కాదు. ఈ పాత్రలు ఏ రచయిత సొత్తూ కాదు, కంపెనీ సొత్తు. ఒకరు రాసిన ముగింపుకి తర్వాతివాళ్ళు కట్టుబడి ఉండాలన్న నియమం లేదు. పైగా తర్వాత వచ్చేది ఎవరు? నిన్నటి పాఠకులే. చిన్నప్పుడు ఆ పాత్రను ప్రేమించి, ఆ చావు చదివి బాధపడి, దాన్ని ఎలా చెరిపేయాలా అని లోలోపల లెక్కలు వేసుకున్నవాళ్ళే కలం పట్టుకుంటారు. చావు ఎంత బాగా రాస్తే, దాన్ని రద్దు చేయాలన్న కోరిక అంతమందిలో పుడుతుంది. జీన్ చావు అంత గొప్పది కాకపోయి ఉంటే ఆమెను వెనక్కి తేవడానికి ఎవరూ అంత బుర్ర పెట్టేవారు కాదు.

పాఠకులుగా మనం కూడా ఏమీ అమాయకులం కాదు. జేసన్ టాడ్ సంగతే తీసుకోండి. 1988లో ఈ రెండో రాబిన్ బతకాలా చావాలా అని డీసీ పాఠకుల్నే ఫోన్ చేసి చెప్పమంది. రెండు నంబర్లు ఇచ్చింది. చావాలన్నవి 5,343 ఓట్లు, బతకాలన్నవి 5,271. తేడా 72 ఓట్లు. మనమే చంపాం. మళ్ళీ 2005లో అతను రెడ్ హుడ్ ముసుగులో తిరిగొస్తే మనమే ఎగబడి కొన్నాం.

జేసన్ తిరిగిరావడానికి ఇచ్చిన కారణం వింటే నవ్వొస్తుంది. వేరే లోకం నుంచి వచ్చిన ఒక సూపర్‌బాయ్ వాస్తవం అనే గోడను గుద్దుతుంటే ఆ అదురుకి చరిత్రలో కొన్ని సంగతులు మారిపోయి, జేసన్ సమాధిలో కళ్ళు తెరిచాడట. బ్యూసిక్ చెప్పిన నీళ్ళలో గూడు దీని ముందు శాస్త్రీయంగా ఉంటుంది! అయినా జుడ్ వినిక్ రాసిన ఆ కథను పాఠకులు ఇప్పటికీ ఇష్టంగా గుర్తుపెట్టుకున్నారు, ఆ గుద్దుడిని మాత్రం వెక్కిరిస్తారు. ఎందుకంటే తిరిగొచ్చిన జేసన్ బ్యాట్‌మన్‌ను ఒకటే అడుగుతాడు. నన్ను కాపాడలేకపోయినందుకు కోపం లేదు, నన్ను చంపిన జోకర్ ఇంకా ఎందుకు బతికున్నాడు? ఈ ప్రశ్న చచ్చినవాడు మాత్రమే అడగగలడు. పాత చావు ఇందులో చెరిగిపోలేదు. దానికి ఇన్నాళ్ళూ లేని నోరు వచ్చింది.

బకీ కథ ఇంకా మెరుగ్గా సాగింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో పేలిపోయిన విమానంతో పాటు బకీ పోయాడని 1964లో చెప్పారు. అప్పట్నుంచి నలభై ఏళ్ళ పాటు కెప్టెన్ అమెరికా గుండెల్లో ఉన్న అపరాధ భావమే ఆ పాత్రకు లోతు. ఎడ్ బ్రూబేకర్, స్టీవ్ ఎప్టింగ్ అతన్ని వెనక్కి తెస్తున్నారని తెలిసినప్పుడు చాలామంది ముందే తిట్టుకున్నారు. కథ చదివాక మెత్తబడ్డారు. బకీ చేయి పోయింది. సోవియట్ వాళ్ళు ఇనుప చేయి పెట్టి, బుర్ర కడిగి, పని ఉన్నప్పుడు నిద్రలేపి, పని కాగానే మంచులో పెట్టి, దశాబ్దాల పాటు హత్యలు చేయించారు. ఆ మధ్యకాలం ఖాళీగా లేదు, నెత్తురుతో నిండి ఉంది. తన స్నేహితుణ్ణి కాపాడలేకపోయానన్న బాధ కెప్టెన్ అమెరికాకు తగ్గకపోగా రెట్టింపైంది. తాను కాపాడలేకపోయాడు కాబట్టే ఇదంతా జరిగింది కదా! కోరింది జరిపించే కాస్మిక్ క్యూబ్ సాయంతో బకీకి జ్ఞాపకాలు తెప్పించినప్పుడు అతనికి దొరికింది సంతోషం కాదు, తాను చేసిన హత్యల పూర్తి జాబితా.

1964 సంచికను ఇప్పుడు మళ్ళీ చదివితే అది విరగలేదు. జీన్ విషయంలో ఇదే జరగలేదు. బకీ ఎలా బతికాడన్నది కూడా అంత నమ్మదగ్గదేం కాదు, కానీ తిరిగొచ్చినందుకు ఇంకెవరినో నకలుగా, దెయ్యంగా మార్చాల్సిన అవసరం రాలేదు. వచ్చినవాడే తన ఖర్చు తాను భరించాడు.

ఇక మామూలు పాఠకుడి సంగతి. ఇన్నేళ్ళ అనుభవంతో ఇప్పుడు మనం చావు చదవగానే ఏడవం, లెక్కలు వేస్తాం. రాబోయే సంచికల వివరాలు రెండు మూడు నెలల ముందే ప్రకటిస్తారు కాబట్టి, హీరో పోయిన వారమే తర్వాతి అట్ట మీద ఎవరున్నారో చూస్తాం. చావు ఆ పాత్ర సొంత కథలోంచి వచ్చిందా, లేక పాతిక పాత్రలు కొట్టుకునే మహా సమరంలో ఎవరో ఒకరు పోవాలి కాబట్టి పోయారా అని చూస్తాం. రెండో రకమైతే ఎక్కువ కాలం నిలవదు. చావుకి ముందు ఆ మనిషి ఏదైనా నిర్ణయించుకున్నాడా అన్నది నేను ప్రత్యేకంగా చూసేది. ఇలా లెక్కలు వేయడం కూడా ఒక సరదాయే. కాకపోతే 1980లో 137వ సంచిక మూసేసినవాళ్ళకు కలిగిన అనుభవం ఇక మనకు దొరకదు.

నాకు ఎదురయ్యే బలమైన వాదన మాత్రం వేరే ఉంది. ఎక్స్‌ఫ్యాక్టర్‌తో చదవడం మొదలుపెట్టినవాళ్ళకు జీన్ బతికున్న మనిషే. వాళ్ళ దృష్టిలో ఆమె తిరిగిరావడం అన్యాయం కాదు, అదే కథ. ఆ తర్వాతి కాలంలో ఆమె మీద వచ్చిన మంచి కథలన్నీ ఆ 1986 నిర్ణయం వల్లే సాధ్యమయ్యాయి. దీన్ని నేను కొట్టిపారేయలేను. జీన్‌ను తేకూడదు అని కూడా నేననడం లేదు. మాడెలిన్‌ను మనిషిగానే ఉంచి, స్కాట్‌ను ఆ ఇద్దరి ముందు నిలబెట్టి, ఏం చేయాలో తెలియక నలిగిపోనిచ్చి ఉంటే ఆ కథ ఎన్నేళ్ళయినా నడిచేది. రాయడం కష్టం కాబట్టి వదిలేశారు.

2019లో జోనథన్ హిక్‌మన్ ఎక్స్‌మెన్ పగ్గాలు పట్టాక ఈ వ్యవహారాన్నంతా బాహాటంగా కథలోకే తెచ్చాడు. క్రకోవా దీవిలో మ్యూటెంట్లకు, అంటే ఎక్స్‌మెన్‌లాగా పుట్టుకతోనే శక్తులున్నవాళ్ళకు, చావు ఒక ఆఫీసు పనిలాంటిది. అయిదుగురు కలిసి కొత్త శరీరం తయారుచేస్తారు, సెరిబ్రో అనే యంత్రంలో దాచిన మనసు అందులో పోస్తారు. దొంగతనంగా చేసేదాన్ని చట్టంగా మార్చడంలో ఒక నిజాయితీ ఉందని నాకనిపించింది. చట్టం అన్నాక ఎవరికి వర్తించదు అన్న ప్రశ్న వస్తుంది. ఆ కాలంలోనే హెలియన్స్ పత్రికలో మాడెలిన్ మళ్ళీ చచ్చిపోతుంది. ఆమెను బతికించమని స్కాట్ తమ్ముడు హావక్ అడుగుతాడు. కుదరదంటారు, ఆమె క్లోన్ కాబట్టి. ముప్పై ఏళ్ళ కింద సౌకర్యం కోసం అంటించిన ఆ ముద్రే ఇప్పుడు కాగితం మీద కారణమైంది. పాఠకులకు ఆ ముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో బాగా గుర్తుంది. 2021లో ఆ పత్రిక ముగిసేలోపు ఆమెను బతికించారు. పోయినవాళ్ళు తిరిగొస్తే నేను కల్మషం లేకుండా సంతోషించిన సందర్భాల్లో అదొకటి.

జీన్ 2004లో మళ్ళీ చచ్చిపోయింది, 2018కల్లా మళ్ళీ వచ్చింది. ఆ రాకడ కథ చివర్లో ఫీనిక్స్ శక్తి ఆమెను బుజ్జగించడానికి అప్పటికి చనిపోయి ఉన్న స్కాట్‌ను బతికించి ఎదుట పెడుతుంది. జీన్ వద్దంటుంది. ఇలా బతికిస్తూ పోవడం ఆపమంటుంది. స్కాట్ ఆమె కళ్ళ ముందే మళ్ళీ పోతాడు. ఈ పాత్ర నోట ఆ మాట రావడానికి అన్నేళ్ళు పట్టింది, బాగా రాశారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2019 జనవరిలో, ఒక వార్షిక సంచికలో సైక్లాప్స్ బతికొచ్చాడు.